అన్నం తగ్గిస్తే నాలుగింటికే ఆకలి: పళ్లెంలో ఏం మార్చాలి?

ప్రశ్న: మాది గుంటూరు. వయసు 36, బరువు 88 కిలోలు. షాపులో కూర్చునే పని. మధ్యాహ్నం క్యారేజీలో అన్నం సగానికి సగం తగ్గించి, పక్కన కీరా, క్యారెట్ ముక్కలు డబ్బా నిండా తింటున్నాను. తిన్నప్పుడు కడుపు బాగానే నిండుతుంది, నాలుగింటికల్లా కాలిపోతుంది. షాపు ఎదురుగానే పునుగుల బండి. వాల్యూమ్ ఈటింగ్ చేస్తే ఎక్కువ తింటూనే సన్నబడొచ్చు అంటున్నారు. మన భోజనంతో అది కుదురుతుందా? షుగర్, బీపీ లేవు.

సమాధానం:

కుదురుతుందండీ, కానీ కీరా డబ్బాతో కుదరదు. అన్నం తీసేసిన చోట మీరు దాదాపు నీళ్లే పెట్టారు. ఆ చోటు కూరకీ, పప్పుకీ, గుడ్డుకో చికెన్‌కో ఇవ్వాలి. పళ్లెంలో అన్నం కన్నా కూర ఎక్కువ బరువుండాలి, ఆ పూటకి ప్రోటీన్ 30 గ్రాముల దరిదాపుల్లో ఉండాలి, నూనె చెంచాతో కొలిచి వేయాలి. ఈ మూడూ కలిస్తేనే నాలుగింటి ఆకలి ఆరింటికి జరుగుతుంది. ఏ ఒక్కటి తప్పినా మళ్లీ పునుగుల బండే.

నేను విజయవాడలో డైటీషియన్‌ని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది మీలాగే అన్నం తగ్గించి, కీరా పెంచి, విసిగిపోయి వస్తారు. కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు లెక్క సంగతి. ఒక గ్రాము తిండిలో ఎన్ని కేలరీలున్నాయో చూడటమే వాల్యూమ్ ఈటింగ్‌లో అసలు విషయం. కీరా, సొరకాయ, బీరకాయ లాంటివి 100 గ్రాములకి 15 నుంచి 20 కేలరీలు. ఉడికిన అన్నం 130. నూనె, నెయ్యి దగ్గర దగ్గర 900. కడుపు గోడ సాగినప్పుడు నిండిందన్న కబురు మెదడుకి వెళ్తుంది, ఆ సాగడం తిండి బరువుని, పరిమాణాన్ని బట్టే తప్ప కేలరీలని బట్టి కాదు. అందుకే మనిషి రోజూ ఇంచుమించు అంతే బరువు తిండి తింటే తప్ప తిన్నట్టు అనిపించదు. బరువు అలాగే ఉంచి గ్రాముకి కేలరీలు తగ్గిస్తే కడుపుకి తేడా పెద్దగా తెలియదు.

మరి కీరా ఎందుకు ఓడిపోయింది? సాగిన కడుపు ఎంతసేపు సాగి ఉంటుందన్నది వేరే విషయం. పచ్చి కీరాలో నీరు తప్ప పెద్దగా ఏమీ లేదు, అది కడుపులోంచి తొందరగా దిగిపోతుంది. ప్రోటీన్, పీచు ఉన్న తిండి నెమ్మదిగా దిగుతుంది. పైగా ప్రోటీన్ పేగుల దాకా వెళ్లాక అక్కణ్ణించి ఆకలిని అణిచే హార్మోన్లు విడుదలవుతాయి. తిన్న అరగంట తృప్తి పరిమాణం వల్ల వస్తుంది, మూడు నాలుగు గంటల తృప్తి ప్రోటీన్, పీచుల వల్ల వస్తుంది. మీకు మొదటిది దొరుకుతోంది, రెండోది దొరకడం లేదు.

ఇప్పుడు మన పళ్లెం దగ్గరికి వద్దాం. మన ఇళ్లలో కూర ఉండేది అన్నాన్ని లోపలికి పంపడానికి. అందుకే అంత ఉప్పు, అంత కారం, అంత నూనె. రెండు చెంచాల దొండకాయ వేపుడుతో నాలుగు ముద్దలు దిగిపోతాయి. కందిపొడి, నెయ్యి ఉంటే చెప్పనే అక్కర్లేదు, ఆవకాయ ముక్క ఒక్కటుంటే పళ్లెం ఖాళీ. కారం ఎంత ఘాటుగా ఉంటే అన్నం అంత లాగుతుంది. ఈ అలవాటు మారకుండా అన్నం ఒక్కటే తగ్గిస్తే పళ్లెమే చిన్నదైపోతుంది, దానికి ఆకలి వేయడం సహజం.

అందుకని నేను అందరికీ ముందు చెప్పేది వంటలో ఒక మార్పు. కూరలో ఉప్పు, కారం మీ ఇంట్లో వేసేదాంట్లో సగానికి దించండి. రుచి చంపుకోమని కాదు. 60 గ్రాములు నంజుకునే కూరని అదే ఉప్పుతో 220 గ్రాములు తినలేరు. తిన్నారంటే ఉప్పు మూడు నాలుగింతలు లోపలికి వెళ్తుంది, దాహం, ఒళ్లు బరువు, కాటా మీద నీటి బరువు. కూరని ఉత్తగా చెంచాతో తినగలిగేలా ఉంటేనే అది ఎక్కువ తినే కూర. పులుపు, ఆవ, అల్లం, కొత్తిమీర మాత్రం ధారాళంగా వేసుకోవచ్చు, అవి చప్పదనం రానివ్వవు.

ఒక మధ్యాహ్నం భోజనాన్ని లెక్క వేసి చూపిస్తాను. మీ షాపు లాంటి పనే ఉన్న ఒకాయన గుంటూరు నుంచి నా దగ్గరికి వచ్చారు, ఆయన క్యారేజీ ఇది. అన్నం 400 గ్రాములు, అంటే క్యారేజీలో ఒక గిన్నె నొక్కి పెట్టినంత. కందిపొడి మూడు చెంచాలు, పైన పెద్ద చెంచా నెయ్యి. దొండకాయ వేపుడు 60 గ్రాములు, గట్టి పప్పు 80 గ్రాములు, పెరుగు 100 గ్రాములు. అన్నీ కలిపి సుమారు 665 గ్రాముల తిండి, 940 కేలరీల చిల్లర, ప్రోటీన్ 22 గ్రాములు. ఇందులో సగానికి పైగా కేలరీలు అన్నానివే. దాని తర్వాత పెద్ద వాటా కూరగాయలది కాదు, నూనె, నెయ్యిలది.

మార్చాక ఇలా అయింది. అన్నం 180 గ్రాములు. బీరకాయ కూర 230 గ్రాములు, అందులో ఒక చిన్న చెంచా నూనె, అంటే 5 గ్రాములు. తోటకూర పప్పు 200 గ్రాములు, ఇందులో కందిపప్పు పచ్చిది 40 గ్రాములు పడుతుంది, మిగిలింది ఆకూ నీళ్లూ. ఉడికించిన గుడ్లు రెండు. పెరుగు మునుపటిలాగే 100 గ్రాములు. మొత్తం 810 గ్రాముల తిండి, సుమారు 710 కేలరీలు, ప్రోటీన్ 32 గ్రాములు, పీచు అంతకు ముందుకి దాదాపు రెట్టింపు. తిండి 145 గ్రాములు పెరిగింది, కేలరీలు 230 దాకా తగ్గాయి. ఆయన మొదటి వారం నాతో అన్న మాట, “ఇంత తిని తగ్గుతానంటే నాకే నమ్మకం లేదండీ.” మూడో వారానికి బండి దగ్గరికి వెళ్లడం ఎవరూ ఆపకుండానే ఆగింది.

గుడ్లు తినని రోజుల్లో వాటి బదులు 80 గ్రాముల ఉడికిన చికెన్ గానీ, 100 గ్రాముల రొయ్యలు గానీ పెట్టుకోవచ్చు. శాకాహారులైతే పొడి మీల్ మేకర్ 25 గ్రాములు నానబెట్టి, నీళ్లు గట్టిగా పిండి కూరలో వేయాలి. అంత కొంచెంలోనే 12, 13 గ్రాముల ప్రోటీన్ వస్తుంది, నానితే మంచి గిన్నెడు అవుతుంది. పప్పు ఒక్కదాంతో 30 గ్రాముల ప్రోటీన్ తెచ్చుకోవాలంటే కేలరీలు పెరిగిపోతాయి, అందుకే పక్కన ఇంకొకటి అడుగుతాను.

ఈ మార్పులో చాలా ఇళ్లలో ఒక ఇబ్బంది వస్తుంది, అది క్యారేజీ. మన ఆడవాళ్లు క్యారేజీకి వేపుడే ఎందుకు పెడతారంటే అది కారదు, పాడవదు. బీరకాయ, సొరకాయ కూరలు కారిపోతాయి. దానికి విరుగుడు పెసరపప్పు. కూర ఉడుకుతున్నప్పుడు నానబెట్టిన పెసరపప్పు ఒక గుప్పెడు వేస్తే ఊరిన నీటిని అదే పీల్చుకుంటుంది, కూర గట్టిపడుతుంది, ప్రోటీన్ కొంచెం కలుస్తుంది. క్యాబేజీ, బీన్స్, గోరుచిక్కుడు ఆవపెట్టి చేస్తే అసలు కారవు.

వేపుడు గురించి ఇంకో మాట. మూత లేకుండా వేయించినప్పుడు కూరగాయలో నీరంతా ఆవిరైపోయి ఆ చోటికి నూనె వస్తుంది. పావుకిలో దొండకాయలు వేపుడయ్యేసరికి సగానికి కుంచించుకుపోతాయి. అవే దొండకాయలు మూత పెట్టి సన్న సెగ మీద మగ్గిస్తే నీరు చాలావరకు లోపలే ఉంటుంది. కాయ అదే, గ్రాముకి కేలరీలు రెండు మూడింతలు తేడా. వంకాయ ఇంకా మోసం, స్పాంజిలా నూనె పీల్చుకుంటుంది. గుత్తివంకాయలో అయితే పల్లీలు, నువ్వులు, కొబ్బరి కూడా చేరతాయి. వంకాయని కాల్చి పచ్చడి చేసుకుంటే తప్పులేదు.

నూనె లెక్క వేసుకోవడానికి కాటా కూడా అక్కర్లేదు. నెలకి నలుగురున్న ఇంట్లో ఐదు లీటర్ల డబ్బా అయిపోతుందనుకోండి. అది నాలుగున్నర కిలోల నూనె. మనిషికి రోజుకి 38 గ్రాములు, అంటే 340 కేలరీలు నూనె రూపంలోనే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2000 కేలరీల రోజుకి సూచించేది 27 గ్రాములు. మీ డబ్బా ఎన్నాళ్లు వస్తోందో ఇంట్లో అడిగి చూడండి, నా ప్రశ్నలన్నిటికన్నా ఆ ఒక్క జవాబే ఎక్కువ చెబుతుంది.

“ఇంట్లో పిల్లలకి చప్పటి కూర ఎక్కదు” అంటారేమో. రెండు కూరలు వండమని ఎవరినీ అడగలేం. కూరగాయని పసుపు, కొద్దిగా ఉప్పు వేసి మగ్గించాక మీ వాటా తీసేసి, ఒక చెంచా నూనెతో చిన్న పోపు పెట్టుకోండి. మిగిలిన దాంట్లో ఇంట్లోవాళ్లకి కావాల్సినంత నూనె, కారం వేసుకోవచ్చు. అయిదు నిమిషాల అదనపు పని, అంతే.

తినే వరస కూడా పట్టించుకోండి. మనం పొడి, నెయ్యితో మొదలుపెడతాం. అప్పటికి ఆకలి మీద ఉంటాం, కాబట్టి అన్నం ఎక్కువ పోయేది ఆ మొదటి నాలుగు ముద్దల్లోనే. దానికి బదులు ఒక గిన్నె చారుతో మొదలుపెట్టండి. మిరియాల చారో, టమాటా చారో, అన్నంలో కలుపుకోకుండా గిన్నెతో తాగేయండి. ఎందుకు చారు, ఉత్త మంచినీళ్లు తాగితే చాలదా అంటే చాలదు. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో బార్బరా రోల్స్ అనే పరిశోధకురాలు 1999లో దీన్ని పరీక్షించి చూపించారు. చికెన్, అన్నం కలిపి వండిన ఒకే వంటకాన్ని భోజనానికి ముందు ఒకసారి పక్కన గ్లాసు నీళ్లతో, ఇంకోసారి అవే నీళ్లు అందులోనే కలిపి సూప్‌గా ఇచ్చారు. సూప్ తాగిన పూట ఆ తర్వాతి భోజనం తక్కువ తిన్నారు. పక్కన తాగిన నీళ్లు ఆ పని చేయలేదు. నీరు తిండిలో ఉంటేనే తిండితో పాటు లెక్కకి వస్తుంది. చారు, కూరల్లో ఊరే రసం, పల్చటి పప్పు మన దగ్గర అలాంటివే.

చారు తర్వాత కూర, గుడ్డు సగం ఉత్తగా తిని, అప్పుడు అన్నంలోకి పప్పు కలుపుకోండి. పెరుగన్నానికి రెండు ముద్దల చోటు ఉంచండి. అది లేకపోతే భోజనం ముగిసినట్టే ఉండదు మనవాళ్లకి, నాక్కూడా.

ఆలుగడ్డ గురించి అందరూ భయపడతారు కాబట్టి చెబుతున్నాను. 1995లో సిడ్నీ యూనివర్సిటీలో సుసానా హోల్ట్ బృందం 38 రకాల తిండి పదార్థాలని ఒకే కేలరీల కొలతతో పెట్టి, ఏది ఎంత కడుపు నింపుతుందో కొలిచింది. అన్నిటికన్నా పైన నిలిచింది ఉడికించిన ఆలుగడ్డ, తెల్ల బ్రెడ్ కన్నా మూడింతలు పైచిలుకు. తెల్లన్నం బ్రెడ్ కన్నా 40 శాతం లోపే పైన ఉంది. 100 గ్రాముల ఉడికిన ఆలుగడ్డలో కేలరీలు 85 చిల్లర, అన్నం కన్నా తక్కువే. ఆలుగడ్డని చెడగొట్టేది మూకుడు. ఉడికించి, పెరుగులోనో ఉల్లిపాయ ముక్కల్లోనో కలుపుకుని తింటే అన్నానికి బదులుగా వారంలో రెండు రోజులు పెట్టుకోవచ్చు.

నాలుగింటి సంగతి. పైన చెప్పిన భోజనం చేశాక కూడా ఆకలి వేస్తే అది నిజమైన ఆకలే, తినండి. ఉడికించిన శనగలు, 50 గ్రాములు పచ్చివి నానబెడితే గిన్నెడు గుగ్గిళ్లవుతాయి, 180 కేలరీలు, 10 గ్రాముల ప్రోటీన్. క్యారేజీలో పొద్దున్నే పడేస్తే సరి. బొబ్బర్లు, ఉలవలు కూడా అంతే. మరమరాలు మాత్రం గిన్నె నిండా కనిపించినా లోపల గాలే. నములుతున్నంతసేపు బాగుంటుంది, అరగంటలో ఏం తిన్నామో గుర్తుండదు. వేయించిన పల్లీలు ప్రోటీనే కదా అని గుప్పెళ్లు తినేవాళ్లున్నారు. 100 గ్రాములకి 560 కేలరీల పైమాటే, ఇక్కడ అవి పనికిరావు.

తేడా ఎక్కడ వస్తోందో మీరే కనిపెట్టొచ్చు. తిన్న గంటా గంటన్నరకే ఆకలి వేస్తే ఆ పూట ప్రోటీన్ చాల్లేదు. కడుపు బరువుగా ఉంది గానీ ఏదో తినాలని నోరు పీకుతుంటే నూనె, నెయ్యి మరీ తీసేశారు, ఒక చిన్న చెంచా నెయ్యి పప్పులో వేసుకోండి, 45 కేలరీలకి గొడవ తీరుతుంది. ఆకలి లేదు కానీ మూడు వారాలైనా వారం సగటు బరువు కదలకపోతే, కొలవకుండా పడుతున్నది నూనెయో, అన్నమో అయ్యుంటుంది. ఒక వారం వాటిని కాటా మీద పెట్టి చూడండి. ఇక ఎంత కూర తిన్నా రోజంతా ఆకలే అయితే మీరు కేలరీలు మరీ తగ్గించేశారు. 88 కిలోల మనిషి రోజుకి 1200 కేలరీల మీద బతకాలనుకుంటే ఏ బీరకాయా కాపాడదు. రోజుకి మీకు పట్టేదాంట్లో 400, 500 తగ్గిస్తే చాలు. నిద్ర అయిదు గంటలకి దిగినా ఆకలి పెరుగుతుంది, దాన్ని కూరతో సరిచేయలేం.

కొన్ని జాగ్రత్తలు. పీచుని ఒక్కసారిగా పెంచకండి. ఇవాళ 60 గ్రాముల కూర తినేవాళ్లు రేపటి నుంచి 230 గ్రాముల కూర, పైన శనగలు మొదలుపెడితే కడుపుబ్బరం, గ్యాస్ ఖాయం. అప్పుడు అందరూ శనగలని తిడతారు. వారానికి 50 గ్రాముల చొప్పున కూర పెంచండి, నీళ్లు సరిగ్గా తాగండి, లేకపోతే పీచు వల్లే మలబద్ధకం వస్తుంది. క్యాబేజీ, బొబ్బర్లు ఒకే పూట పెట్టకండి. పుల్లటి త్రేన్పులు, గుండెల్లో మంట ఉన్నవాళ్లు ఇంత బరువు ఒకే పూట తినకుండా రెండు పూటలకి పంచుకోవాలి.

మీకు షుగర్ లేదన్నారు, కానీ ఇది చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ అన్నం ఒక్కసారిగా సగానికి తగ్గిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. మందు మోతాదు మార్చాలేమో ముందే డాక్టర్‌ని అడగాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి పప్పు, ఆకుకూర, గుడ్డు ఎంత వరకో వాళ్ల డాక్టరే చెప్పాలి, ఇక్కడి కొలతలు వాళ్లవి కావు. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూర ఒక్కసారిగా పెంచితే మందు పని తగ్గుతుంది, రోజూ ఒకే మోతాదులో తినాలి.

మీరైతే ముందు మధ్యాహ్నం ఒక్క పూటే మార్చండి. రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కదపొద్దు. రెండు వారాలు నాలుగింటికి ఆకలి ఎంతుందో ఒక కాగితం మీద ఒకటి నుంచి పది దాకా వేసుకోండి. ఆ కాగితం, క్యారేజీలో ఏ గిన్నెలో ఎంత పెట్టారో రాసి ఇక్కడే పెడితే ఏది మార్చాలో చెబుతాను.